ఇంజను దిక్కు మొగం పెట్టి కూసోకు

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నా పదో తరగతి లెక్కల నోటుబుక్కు మధ్యలోంచి తీసిన జోడు పేజీ. మడతల దగ్గర చిరుగుతుంటే వెనక సన్నటి గుడ్డ అంటించి దాచుకున్నాను. ఎడమ మూలన ఒక నూనె మరక. పెన్సిలుతో రాసిన పెద్ద పెద్ద అక్షరాలు, గీత మీద సరిగా నిలబడనివి. వత్తులు చాలా చోట్ల లేవు. స్టేషను ‘టేషను’ అయింది, టికెట్టు ‘టికటు’ అయింది. మొత్తం పద్నాలుగు మాటలు. ఒక్కో మాట ముందు అంకె వేసి, దాని చుట్టూ సున్నా చుట్టింది అమ్మ.

2001 జూన్ నెలాఖరు. నాకు హైదరాబాద్‌లో పాలిటెక్నిక్ సీటు వచ్చింది. నాయిన తోడు రావాలన్నది మొదటి మాట. కానీ మిరుగంలో మొహం చాటేసిన వాన ఆరుద్ర కార్తె మొదట్లో రెండు రాత్రులు గట్టిగా పడింది. మాది ఎర్ర చెలక. పదును మూడు నాలుగు రోజులకంటే ఆగదు. ఆలోపు ఆముదాలు పెట్టకపోతే మళ్లీ వాన కోసం ఆకాశం దిక్కు చూడాల్సిందే. పాలమూరులో ఆ లెక్క తెలియని ఇల్లు ఉండదు. కాలేజీలో చేరడానికి ఇచ్చిన తేదీ కూడా సరిగ్గా ఆ నాలుగు రోజుల్లోనే పడింది. నాయిన రెండు పూటలు ఏం మాట్లాడలేదు. మూడో పూట అమ్మే అంది: “నువ్వు చెలక జూస్కో. వాడు ఒక్కడే పోతడు. నేను రాసిస్త.”

రాసిస్తానన్న మాటకు నేను ఆశ్చర్యపోయాను. అమ్మ బడికి పోలేదు. తొంభైల మొదట్లో మా ఊళ్లో రాత్రి బడి పెట్టినప్పుడు, పొద్దంతా కలుపు తీసి వచ్చి, కందిలి వెలుగులో పలక పట్టుకుని కూర్చునేది. ఆమెతో మొదలుపెట్టిన ఆడవాళ్లలో చాలామంది సంతకం రాగానే మానేశారు. అమ్మ మానలేదు. గోడ మీది ఎరువుల కంపెనీ ప్రకటనలు, బస్సుల మీది ఊళ్ల పేర్లు, కిరాణా పొట్లం కట్టిన పేపరు ముక్కలు, ఏది కనపడితే అది కూడబలుక్కుని చదివేది. అయినా ఆమె ఒక పేజీ నిండా రాయడం నేను అంతకుముందు చూడలేదు. ఆ రాత్రి నేను పడుకున్నాక రాసింది. మధ్యలో మెలకువ వచ్చి చూస్తే గోడకు ఆనుకుని, పెన్సిలు కొసను పెదవికి తాకించుకుని ఆలోచిస్తోంది.

మొదటి మాట పైసలది. “పైసలు మూడు తావుల పెట్టుకో. పై జేబుల తక్కువ పెట్టు. మంది ముందల లోపలి జేబు తీయకు.” మొత్తం తొమ్మిది వందలు. అందులో ఆరు వందలు నా బనియను లోపల గుడ్డ సంచి కుట్టి అందులో పెట్టింది. ఆ సంచికి గుండీ లేదు, నోరు కూడా కుట్టేసింది. కాలేజీలో ఫీజు కట్టే ముందు బాత్రూంలోకి పోయి పళ్లతో దారం కొరికి తీయాలని చెప్పింది. రెండు వందలు రేకు పెట్టె అడుగున పరిచిన పేపరు కింద. మిగిలిన నూరు చిల్లర చేసి పై జేబులో. అంగట్లో చాయ్ తాగినా, టికెట్టు కొన్నా చేయి ఆ పై జేబులోకే పోవాలి. నీ దగ్గర అంతే ఉందని చూసేవాడు అనుకోవాలి, అంది.

తర్వాతి మూడు మాటలు తిండివి. అమ్మ రెండు రకాల జొన్న రొట్టెలు చేసింది. వేడినీళ్లతో పిండి కలిపి, చేత్తో తట్టి, పెనం మీద నీళ్లు రాసి కాల్చిన మెత్తటివి నాలుగు, అవి దారిలో తినడానికి. ఇంకో పదిహేను పలుచగా తట్టి, పెనం మీద కాల్చాక నిప్పుల పక్కన నిలబెట్టి, తడి లేకుండా కటకటలాడేదాకా ఎండబెట్టింది. అవి వారం దాటినా చెడవు. నీళ్లు చల్లుకుంటే మెత్తబడతాయి, లేదంటే పల్లికారం అద్దుకుని అట్లాగే కొరుక్కు తినొచ్చు. “మెతటివి ఇయ్యాల్నే తిను. రేపటికి ఉంచకు. బూజు వస్తది” అని రాసింది. మెత్తటి రొట్టెకు బూజు ముందు అంచుకు కాదు, ఒకదానికొకటి అంటుకున్న నడిమిలో పడుతుందని, విడదీసి వాసన చూడాలని నోటితో చెప్పింది.

నాలుగో మాట తొక్కుది. “తొకు సీస కాయితాల సంచిల పెట్టకు.” ఆ ఏడాది పెట్టిన కొత్త మామిడికాయ తొక్కు. గాజు సీసా నిండా కాకుండా మెడ కింది వరకే నింపింది. పైన వేలి మందం నూనె తేలాలి, నూనె కింద మునిగి ఉన్నంతకాలమే తొక్కు ఆగుతుంది. మూత కింద పాత గుడ్డ మడత పెట్టి బిగించి, మళ్లీ ప్లాస్టిక్ కవరులో కట్టింది. అయినా బండి కుదుపులకు నూనె కారకుండా ఉండదని ఆమెకు తెలుసు. నా పదో తరగతి మెమో, టీసీ, మండలాఫీసులో తిరిగి తిరిగి తెచ్చిన కులం, ఆదాయం సర్టిఫికెట్లు వేరే సంచిలో, వేరే భుజానికి. ఆ రోజు సీసా కారింది. నా జేబులోని ఈ చిట్టీ మూలకు అంటిన మరక ఆ నూనెదే. సర్టిఫికెట్లకు చుక్క కూడా అంటలేదు.

ఏడో మాటే నాకు అర్థం కానిది. “ఇంజను దికు మొగం పెట్టి కూసోకు. కండ్లల నలుసు పడ్తది. పడితే రుదకు. నీలతోని కడుగు.”

మా ఊరికి దగ్గరి స్టేషను వనపర్తి రోడ్డు. పేరుకు వనపర్తి గానీ స్టేషను ఉన్నది మదనాపురంలో, వనపర్తి పట్నం అక్కడికి చాలా దూరం. అప్పట్లో ఇదంతా మహబూబ్‌నగర్ జిల్లా, 2016లో వనపర్తి వేరే జిల్లా అయింది. నాయిన తెల్లవారుజామునే చెలకకు పోయి, పదకొండింటికి తిరిగొచ్చి, పెట్టెను సైకిలు క్యారియర్‌కు కట్టి నన్ను ముందు కూర్చోబెట్టుకుని స్టేషనుకు తెచ్చాడు. ఆయన కాళ్లకు ఇంకా ఎర్రమట్టి ఉంది. అమ్మ రాలేదు. విత్తు పెట్టేవాళ్ల వెనక ఎవరో ఒకరు ఉండాలి. వాకిట్లోనే నా నెత్తి మీద చేయి పెట్టి “పైలం కొడుకా” అని ఒక్క మాట అని, కొంగు నడుముకు చెక్కుకుని చెలక దారి పట్టింది. నేను సైకిలు మీద మూల తిరిగేదాకా చూశాను. వెనక్కి తిరగలేదు.

టికెట్టు అప్పుడు గట్టి అట్టముక్క. దాని మీద తేదీ ఒత్తి ఇచ్చేవాళ్లు. కర్నూలు దిక్కు నుంచి వచ్చే ప్యాసింజర్ రెండు గంటలకు రావాలి, రెండున్నరకు వచ్చింది. నాయిన పెట్టె ఎక్కించి, కిటికీ ఊచల్లోంచి నా వేళ్లు పట్టుకున్నాడు. బండి కదిలాక నాలుగడుగులు నడిచి వదిలేశాడు.

ఎనిమిదో మాట ప్రకారం కుడి చేతి దిక్కు కూర్చున్నాను. “మదానం బండి అయితె కుడి దికు. ఎండ ఎడమకు పడ్తది.” బండి ఉత్తరానికి పోతోంది కాబట్టి పడమటి ఎండంతా ఎడమ కిటికీల్లోంచి కొడుతోంది. అటు కూర్చున్నవాళ్లు తువ్వాళ్లు అడ్డం కట్టుకున్నారు. ఏడో మాట ప్రకారం ఇంజనుకు వీపు పెట్టి కూర్చున్నాను. నలుసు ఎక్కడి నుంచి పడుతుందో నాకు తెలియదు. బండికి ముందున్నది డీజిలు ఇంజను. నల్లటి పొగ ఒకసారి తుప్పున వదిలి, తర్వాత దాని దారిన అది పోతోంది. అయినా రాసింది కాబట్టి అట్లాగే కూర్చున్నాను. వెనక్కి చూస్తూ పోయేవాడికి ఊరు తొందరగా పోదు. మా దిక్కు గుట్టలు కురుమూర్తి స్టేషను దాటేదాకా నాకు కనపడుతూనే ఉన్నాయి. మా ఊరివాళ్లం దీపావళి తర్వాత కురుమూర్తి జాతరకు బండ్లు కట్టుకుని పోయేది ఆ గుట్టల మధ్య నుంచే.

కౌకుంట్ల, దేవరకద్ర, మన్యంకొండ. మహబూబ్‌నగర్‌లో జనం బాగా ఎక్కారు. నా ఎదురుగా తెల్ల ధోతి, నెత్తికి రుమాలు చుట్టిన పెద్దాయన కూర్చున్నాడు. నా రొట్టె వాసనకు నవ్వి, “ఏ ఊరు బిడ్డా?” అన్నాడు. ఆయనకు ఒక రొట్టె ఇస్తే తన దగ్గరున్న నేరేడు పండ్లు దోసిట్లో పోశాడు. ఊదా రంగు నాలుకతో ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

జడ్చర్లలో బండి ఆగి కదలలేదు. అప్పుడు ఈ దారి అంతా ఒక్క లైనే. రెండు బండ్లు ఎదురైతే ఒకటి స్టేషనులో పక్క పట్టాల మీద ఆగి, రెండోది పోయాక కదలాలి. జనం దాన్ని క్రాసింగ్ అనేవాళ్లు. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ వరకు రెండో లైను పూర్తయింది 2022లో. అంతకుముందు ఈ దారిలో తిరిగినవాళ్లకు క్రాసింగ్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పది నిమిషాలని చెప్పినది గంట అవుతుంది. మన ప్యాసింజర్ అన్నిటికీ దారి ఇవ్వాల్సిందే. మగవాళ్లు దిగి బీడీలు ముట్టించారు. పిల్లలు పట్టాల పక్కకు పరుగెత్తారు.

పెద్దాయన ఖాళీ సీసా నా చేతికిచ్చాడు. “జర్ర నీళ్లు పట్టుక రా బిడ్డా. నాకు మోకాళ్లు నొస్తున్నయ్. ఇంకా అర్ధగంట ఉంటది బండి.” నల్లా అవతలి దిక్కున ఉంది, మధ్యలో ఒక లైను దాటాలి. నేను లేచాను కూడా. అప్పుడు ఐదో మాట గుర్తొచ్చింది. “నీలు ఇంటి నుంచే. బండి ఎంత సేపు ఆగినా దిగకు. ఎదురు బండి వచ్చిందంటె మన బండి పోతదనే.” ఈ ఒక్క మాట కింద అమ్మ రెండు గీతలు గీసింది. అందుకేనేమో నా వెంట రెండు లీటర్ల క్యాను నిండా నీళ్లు పంపింది. ఆ క్యాను మూత తీసి ఆయన సీసాలో సగం పోశాను. “నేను దిగను తాతా, మా అమ్మ వద్దన్నది” అన్నాను. పదహారేళ్ల పిల్లవాడు ఆ మాట అందరి ముందు అనడం తేలిక కాదు. ఆయన ఏమీ అనకుండా నీళ్లు తాగాడు.

అయిదు నిమిషాలు కాలేదు. ఎదురు బండి చప్పుడు చేసుకుంటూ మాకూ నల్లాకూ మధ్య నుంచి దూసుకొచ్చింది. దాని పెట్టెలన్నీ దాటాక, రెండు నిమిషాలకు మా బండి చిన్నగా కుదిపి కదిలింది. కూత నాకు వినపడనే లేదు, ఎదురు బండి చప్పుడులో కలిసిపోయి ఉండాలి. ఇద్దరు మనుషులు తడి సీసాలతో పరుగెత్తి వెనక పెట్టె పట్టుకున్నారు. మూడో మనిషి పట్టుకోలేకపోయాడు. వీపు ఇంజనుకు ఉంది కాబట్టి ఆయన నిలబడిపోవడం నాకు చివరిదాకా కనపడింది.

షాద్‌నగర్ దాటేసరికి పొద్దు వాలింది. ఉందానగర్ దగ్గర లైట్లు పడ్డాయి. ఫలక్‌నుమా నుంచి పట్నం మొదలైంది. పట్టాలకు అంత దగ్గరగా ఇళ్లు ఉంటాయని నేను అనుకోలేదు. కిటికీలోంచి చూస్తే ఒకరి వంటింట్లో కూర తాలింపు వేస్తున్న వాసన వచ్చింది. చేతులు తడిగా అయ్యాయి. ప్రతి స్టేషనులో బోర్డు వెతికాను. ఉప్పుగూడ, యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట. తొమ్మిదో మాట అదే. “పసుపు బోర్డు చదివి దిగు. మంది దిగితె నువు దిగకు. తినె కనపడకుంటె కాలు కింద పెటకు.” తిన్నె అంటే ప్లాట్‌ఫారం.

మలక్‌పేట దాటి కొంత దూరం పోయాక బండి ఆగింది. బయట చీకటి. పెట్టెలో సగం మంది లేచారు. పెట్టెలు, మూటలు తలుపు దగ్గరికి చేరాయి. ఒకరి వెనక ఒకరు దూకేస్తున్నారు. నా వయసు కుర్రాడొకడు “వచ్చింది, వచ్చింది, దిగు భయ్, మళ్ల జాగుండదు” అన్నాడు. నేను పెట్టె తీసుకుని తలుపు దాకా పోయాను. కింద కంకర, పక్క పట్టాలు మసక వెలుగులో మెరుస్తున్నాయి. తిన్నె లేదు. బోర్డు లేదు. వెనక నుంచి తోస్తున్నారు. ఊచ పట్టుకుని పక్కకు ఒదిగి నిలబడ్డాను. రోజూ తిరిగేవాళ్లకు అక్కడి నుంచి ఇల్లు దగ్గర, వాళ్లకు ఆ చీకటి అలవాటు. నాకు కాదు. బండి పావుగంట ఆగి మళ్లీ కదిలింది. మెల్లగా ఒక కప్పు కిందికి పోయింది. వరుసగా దీపాలు, తిన్నె, దాని కొసన పసుపు బోర్డు. క, దీర్ఘం. చ, గుడి. నేను కూడా అమ్మ లాగే కూడబలుక్కుని చదివాను. కాచిగూడ. అప్పుడు దిగాను.

మామ రావాలి. అమ్మ తమ్ముడు, పట్నంలో సెంట్రింగ్ పని చేసేవాడు. మా ఊరి ఎస్టీడీ బూత్ నుంచి ముందురోజు ఆయన మేస్త్రీ ఇంటికి ఫోను చేసి చెప్పాం. ప్లాట్‌ఫారం మీద ఎక్కడా కనపడలేదు. పదకొండో మాట: “మామ కోసం తిరగకు. గుమటాల దర్వాజ ముందల నిలబడు. ఎంత సేపైనా ఆడనే ఉండు.” గేటు దగ్గర టికెట్టు ఇచ్చి బయటికి వచ్చి వెనక్కి తిరిగి చూశాను. పైన గుమ్మటాలు, వాటి పక్కన మినార్లు, దీపాల వెలుగులో తెల్లగా. అది నిజాం రైల్వే కాలపు కట్టడం, 1916 నాటిది. అప్పుడు నాకు అదేమీ తెలియదు. ఇంత పెద్దదాన్ని ఎవరూ చూడకుండా పోలేరన్న సంగతి మాత్రం అర్థమైంది. పెట్టె మీద కూర్చున్నాను. గంటన్నర అయింది. మనసు పది రకాలుగా లాగింది. ఆటోవాళ్లు వచ్చి అడిగి పోయారు. లేవలేదు.

మామ రొప్పుతూ వచ్చాడు. బండి ఆలస్యమని విని, ముందు దిగిపోయి ఉంటానేమోనని పట్టాల వెంట మలక్‌పేట దిక్కు నడిచిపోయాడట. నన్ను చూడగానే ఆయన అడిగిన మొదటి మాట, “ఔటర్ల దిగలే గదా?” ఔటర్ అంటే స్టేషనుకు ముందు సిగ్నలు కోసం బండి ఆగే చోటు.

“లేదు మామా. అమ్మ రాసిచ్చింది” అని చిట్టీ ఇచ్చాను. ఆయన దీపం కిందికి పోయి చదివాడు. తొమ్మిదో మాట దగ్గర ఆగాడు. ఏడో మాట మళ్లీ చదివాడు. తర్వాత నా పక్కన నేల మీద కూర్చున్నాడు. “నలుసు గూడ రాసింది అక్క” అన్నాడు.

అక్కడే చెప్పాడు. అప్పటికి ఆయనకు ఐదేళ్లు, మా అమ్మకు పన్నెండో పదమూడో. కరువు ఏడాది. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని మా అమ్మమ్మ వాళ్ల ఊరి నుంచి ఒక గుంపు పట్నంలో ఇళ్ల పనికి బయల్దేరింది. మా అమ్మమ్మ అప్పటికే లేదు. తాత, ఇద్దరు పిల్లలు. అప్పుడిది చిన్న లైను. రెండు పట్టాల మధ్య మీటరు ఎడమే ఉండేది, బొగ్గు ఇంజను లాగేది. కిటికీలోంచి ముందుకు చూస్తున్న అమ్మ కంట్లో బొగ్గు నలుసు పడింది. రుద్దితే కన్ను ఎర్రబడి వాచింది. జడ్చర్లలో క్రాసింగ్. బిడ్డ కన్ను కడగడానికి నీళ్లు తెస్తానని తాత ముంత పట్టుకుని లైను దాటి నల్లా దగ్గరికి పోయాడు. మధ్యలోకి ఎదురు బండి వచ్చింది. అది పోయేసరికి ఇటు బండి లేదు.

“నాకు యాదికున్నది కొంచెమే అల్లుడా” అన్నాడు మామ. “అక్క ఒక్క కన్నుతోనే సూసుకుంట నన్ను ఒళ్లె పెట్టుకున్నది. రాత్రి ఇక్కడికి రాకముందే చీకట్ల బండి ఆగింది. మేస్త్రీ దిగుండ్రి దిగుండ్రి అన్నడు. అందరు దుంకిన్రు. అక్క నన్ను ఎత్తుకోని దుంకింది. కంకర మీద పడ్డది. మోకాలు చీరుకపోయింది. అందరం పట్టాలెంట నడిచి ఇక్కడికొచ్చినం. గుంపును తీస్కపోతుంటే అక్క రానన్నది. మా నాయిన ఇటే వస్తడు, ఇంత పెద్ద గుమ్మటాలు ఆయనకు కనపడ్తయ్, మేం కదలమన్నది. ఇగో, ఇక్కడనే. ఒకాయన చాయ్‌ల బన్ను ముంచి పెట్టిండు. తెల్లారి బండికి నాయినొచ్చిండు.”

అమ్మ ఎడమ మోకాలి మీది మచ్చ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. చింతచెట్టు మీది నుంచి పడ్డానని చెప్పేది.

“బోర్డు చదవొస్తే ఆ చీకట్ల దిగకపోదును అనేది” అన్నాడు మామ లేస్తూ. “రాత్రి బడి పెట్టిన్రని తెలిసినప్పుడు నాకు మనిషితోని కబురంపింది. ఇగ బోర్డులు సదువుత అని.”

ఆయన నా పెట్టె నెత్తి మీద పెట్టుకున్నాడు. సర్టిఫికెట్ల సంచి మాత్రం నేను ఇవ్వలేదు. పన్నెండో మాట, “కాయితాలు మామకు గూడ ఇయకు” అని ఉంది. ఆయనకు అది చూపిస్తే తల ఊపాడు.

పద్నాలుగో మాట ఉత్తరం గురించి. “చేరినంక ఉతరం రాయి. పెద్ద అచరాలతోని రాయి. కలిపి రాయకు.” రెండు రోజుల తర్వాత ఫీజు కట్టి, రసీదు జేబులో పెట్టుకుని, ఒక కార్డు కొన్నాను. అంత పెద్ద అక్షరాలతో రాస్తే కార్డు మీద నాలుగు వాక్యాలే పట్టాయి. ఇంజనుకు వీపు పెట్టి కూసున్న. జడ్చర్లల దిగలే. బోర్డు చదివి దిగిన. గుమ్మటాల ముందల నిలబడ్డ. మామ చెప్పిన సంగతి రాయలేదు. దసరాకు ఇంటికి పోయినప్పుడు ఆ కార్డు దేవుడి పటం వెనక ఉంది. అమ్మ ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బొగ్గు ఇంజన్లు పోయాయని మాత్రం చెప్పబోయి ఆగిపోయాను.

2004లో నాకు పట్నంలోనే ఉద్యోగం దొరికింది. గది తీసుకున్నాక అమ్మను తీసుకొచ్చాను. చిన్నప్పటి ఆ ప్రయాణం తర్వాత ఆమె పట్నం బండి ఎక్కడం అదే మొదలు. మదనాపురంలో ఎక్కగానే నేను చెప్పకముందే కుడి దిక్కు పోయి, ఇంజనుకు వీపు పెట్టి, కిటికీ దగ్గర కూర్చుంది. ప్రతి స్టేషను బోర్డూ చదివింది. మొదట లోలోపల, పెదాలు కదుపుతూ. దేవరకద్ర దగ్గర గొంతు పైకి వచ్చింది. మన్యంకొండ అని చదివి దండం పెట్టుకుంది. జడ్చర్లలో బండి ఆగినంతసేపూ నల్లా ఉన్న దిక్కే చూస్తూ కూర్చుంది. నేను సీసా తీస్తే “ఉన్నయ్ నీళ్లు” అంది, నా చేతిలోని సీసా నిండుగా ఉన్నా.

మలక్‌పేట బోర్డు చదివేసరికి చీకటి పడింది. కొంత దూరం పోయాక బండి ఆగింది. జనం లేచారు, తలుపు దగ్గర తోపులాట మొదలైంది. అప్పటికి మూడేళ్లు ఈ దారిలో తిరిగినవాణ్ని, ఆ ఔటర్ నాకు వీధి గడప లాంటిది. పెట్టె అందుకుందామని లేచాను. అమ్మ నా చొక్కా కొస పట్టుకుని కిందికి లాగింది.

“బోర్డు ఇంకా రాలే కొడుకా” అంది. “కూసో.”